సర్వింగ్ 30 గ్రాములు అంటారు, మనం తినేది వేరు: లేబుల్ లెక్క ఎలా చూడాలి?

ప్రశ్న: మా నాన్నగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. సాయంత్రం టీతో మిక్చర్ లేకపోతే ఊరుకోరు. 200 గ్రాముల ప్యాకెట్ ఆయన ఒక్కరికే మూడు రోజులు వస్తుంది. వెనక చూస్తే సర్వింగ్ సైజు 30 గ్రాములు అని ఉంది. 100 గ్రాములకు సోడియం 780 మిల్లీగ్రాములు, పక్కన ఇంకో కాలమ్‌లో 12 శాతం అని ఉంది. 12 శాతమే కదా, పర్వాలేదులే అంటున్నారు నాన్న. ఇందులో ఏ అంకె నమ్మాలి? ఆయన నిజంగా తినేదానికి లెక్క ఎలా కట్టాలి?

సమాధానం:

ఆ 12 శాతం 30 గ్రాములకు వేసిన లెక్క. నాన్నగారు రోజుకు తినేది సుమారు 67 గ్రాములు, కాబట్టి ఆయన వరకు అది 26 శాతం. సర్వింగ్ సైజును పక్కన పెట్టేయండి. 100 గ్రాముల కాలమ్ పట్టుకుని, ఆయన తినే గ్రాములతో గుణించి, 100తో భాగించండి. ఇంట్లో తిండికి ఈ ఒక్క లెక్క చాలు.

```
తిన్న గ్రాములు × (100 గ్రాములకు ఉన్న అంకె) ÷ 100
67 × 780 ÷ 100 = 523 మిల్లీగ్రాముల సోడియం
```

నేను డైటీషియన్‌ని. బీపీ, కిడ్నీ సమస్యలున్న వాళ్లకు ఆహారం లెక్కలు చెప్పడమే నా రోజువారీ పని. లేబుల్ దగ్గర జనం తడబడేది గుణకారంలో కాదు, ఏ అంకె ఏ పరిమాణానికి రాశారో చూసుకోకపోవడంలో. మీ ప్యాకెట్ మీద ఉన్నది కూడా అదే చిక్కు.

మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషకాల పట్టికలో రెండు రకాల అంకెలు ఉండాలి. కేలరీలు, ప్రోటీన్, కొవ్వు, సోడియం లాంటివి 100 గ్రాములకు గానీ 100 మిల్లీలీటర్లకు గానీ రాస్తారు. ఒక్కసారికి తినేసే చిన్న ప్యాకెట్ అయితే మొత్తం ప్యాకెట్‌కు కూడా రాయొచ్చు. ఆ పక్కనే ఉండే శాతం మాత్రం ఒక సర్వింగ్‌కు. అంటే ఒకే వరుసలో ఎడమవైపు అంకె 100 గ్రాములది, కుడివైపు శాతం 30 గ్రాములది. చదివే మనిషి రెండూ ఒకే పరిమాణానికి అనుకుంటాడు. నాన్నగారిని తప్పుపట్టడానికి లేదు, చదువుకున్న వాళ్లు కూడా అలాగే చదువుతారు.

శాతం నిజంగా దేనికి వేశారో మీరే తేల్చుకోవచ్చు. పెద్దవాళ్లకు రోజుకు 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు, అన్న లెక్క మీద ఆ శాతం కడతారు. 780ని 2000తో భాగిస్తే 39 శాతం వస్తుంది. లేబుల్ మీద 39 ఉంటే అది 100 గ్రాములకని. మీ దాంట్లో 12 ఉంది. 30 గ్రాములకు సోడియం 234 మిల్లీగ్రాములు, అందులో 2000కి వాటా 11.7. దాన్నే 12 చేశారు. పాత స్టాకులోనో, సరిగ్గా అచ్చు వేయని చిన్న కంపెనీల ప్యాకెట్ల మీదో అనుమానం వస్తే ఇలా ఒక్క వరుస సరిచూస్తే చాలు, మిగతా శాతాలు కూడా దేనికి వేశారో అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు పని, గ్రాములు తెలుసుకోవడం. దీనికి మీరు ఇచ్చిన సమాచారమే సరిపోయింది. 200 గ్రాముల ప్యాకెట్ మూడు రోజులు వస్తుందంటే 200ని 3తో భాగిస్తే రోజుకు 67. నేను మొదట ఎవరినైనా అడిగేది ఇదే: ప్యాకెట్ ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు అయిపోయింది? ఎంత తింటారు అని అడిగితే అందరూ "కొంచెమే అండీ" అంటారు. ప్యాకెట్ ఎన్నాళ్లు వచ్చిందో అడిగితే నిజం బయటికొస్తుంది. నూనె, ఉప్పు, పంచదార, పచ్చళ్లు అన్నిటికీ ఈ పద్ధతి పనికొస్తుంది. ఒక్కటే షరతు, ఆ ప్యాకెట్ ఎవరెవరు తిన్నారో తెలియాలి. మధ్యలో మనవళ్లు చెయ్యి పెడితే లెక్క చెడుతుంది.

అలా కుదరనప్పుడు వంటింటి త్రాసు మంచిది. చిన్న డిజిటల్‌ది చాలు. ఖాళీ గిన్నె పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేసి, రోజూ వేసుకునేంత ఆయన చేతే వేయించండి. మీరు వేయకండి. మీరు వేస్తే మీకు తెలియకుండానే తగ్గిస్తారు. రోజూ తూచాల్సిన పని కూడా లేదు. ఆయన వాడే స్టీలు గిన్నె ఒకటే అయితే రెండుమూడు సార్లు తూచి సగటు తీస్తే, ఆ గిన్నెకు ఇన్ని గ్రాములు అని ఖాయం చేసుకోవచ్చు. అయితే రకం మారితే మళ్లీ తూచాలి. అదే గిన్నెడు అటుకుల మిక్చర్, అదే గిన్నెడు కారప్పూస, అదే గిన్నెడు వేయించిన పల్లీలు ఒకే బరువు ఉండవు. గిన్నె నిండినంత మాత్రాన గ్రాములు ఒకటి కావు.

మీరు సోడియం ఒక్కటే రాశారు కాబట్టి మిగతా అంకెలు నేను మామూలుగా మిక్చర్ ప్యాకెట్ల మీద కనిపించే స్థాయిలో తీసుకుంటున్నాను. మీ ప్యాకెట్ చూసి మార్చుకోండి. 100 గ్రాములకు 540 కిలో కేలరీలు, కార్బోహైడ్రేట్ 45 గ్రాములు, మొత్తం కొవ్వు 34 గ్రాములు, అందులో శాచురేటెడ్ కొవ్వు 12 గ్రాములు అనుకుందాం. 67 గ్రాములకు కడితే 362 కిలో కేలరీలు, కార్బోహైడ్రేట్ 30 గ్రాములు, కొవ్వు 23 గ్రాములు, శాచురేటెడ్ కొవ్వు 8 గ్రాములు.

సోడియం 523 మిల్లీగ్రాములు వచ్చింది కదా, దాన్ని ఉప్పులోకి మార్చాలంటే 2.5తో గుణించండి. 1300 మిల్లీగ్రాములు, అంటే 1.3 గ్రాముల ఉప్పు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దనే చెబుతుంది. అందులో పావు వంతు పైగా టీ పక్కన మిక్చర్‌తోనే అయిపోయింది. అన్నం, పప్పు, కూర, పెరుగు, వాటి పక్కన పచ్చడి ఇంకా లెక్కలోకే రాలేదు. బీపీ ఉన్నవాళ్లకు డాక్టర్ ఇంతకంటే తక్కువ చెప్పి ఉండొచ్చు. అప్పుడు లేబుల్ మీది శాతాన్ని పట్టించుకోకండి, ఆయన చెప్పిన అంకెతో భాగించుకోండి. లేబుల్ శాతం రోజుకు 2000 కిలో కేలరీలు తినే సగటు మనిషికి వేసింది.

శాచురేటెడ్ కొవ్వు కూడా ఒకసారి చూడండి. దానికి రోజు పరిమితి 22 గ్రాములుగా పెట్టి శాతం కడతారు. 8 గ్రాములంటే 36 శాతం. నా ఉద్దేశంలో ఈ మిక్చర్‌లో సోడియం ఎంత చూసుకోవాలో ఇది కూడా అంతే చూసుకోవాలి. కానీ బీపీ అనగానే అందరూ ఉప్పు వరుస ఒక్కటే వెతుకుతారు. పామాయిల్‌లో వేయించిన వాటిలో ఈ అంకె పెద్దగా ఉంటుంది. పదార్థాల జాబితాలో నూనె పేరు ఉంటుంది, చూసుకోండి.

షుగర్ సంగతి. ఇక్కడ శాతం కాలమ్ మీకు పెద్దగా సాయం చేయదు. నిబంధనల్లో శాతం కట్టడానికి పెట్టిన పరిమితులు శక్తి, మొత్తం కొవ్వు, శాచురేటెడ్ కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, యాడెడ్ షుగర్, సోడియంలకే. కార్బోహైడ్రేట్‌కు అలాంటి పరిమితి లేదు కాబట్టి చాలా ప్యాకెట్ల మీద ఆ గడిలో ఒక గీత ఉంటుంది. షుగర్ ఉన్న మనిషికి కావాల్సింది సరిగ్గా ఆ గీత ఉన్న వరుసే. యాడెడ్ షుగర్ సున్నా అని చూసి సంతోషపడి, 30 గ్రాముల కార్బోహైడ్రేట్‌ను వదిలేస్తారు. శనగపిండి, అటుకులు, బియ్యప్పిండి అన్నీ ఆ 30లోనే ఉన్నాయి. ఇంకో సంగతి, కార్బోహైడ్రేట్ కింద ఇంకొంచెం లోపలికి జరిపి రాసే టోటల్ షుగర్స్, యాడెడ్ షుగర్స్ విడివి కావు, పైనున్న అంకెలో భాగమే. వాటిని మళ్లీ కలపకండి.

నా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ పంచదార కలపని బిస్కెట్లు అని ఉదయం ఆరు, సాయంత్రం ఆరు తినేవారు. ప్యాకెట్ మీద సర్వింగ్ అంటే మూడు బిస్కెట్లు, 25 గ్రాములు. బిస్కెట్ల దగ్గర ఒక సుఖం ఉంది, త్రాసు అక్కర్లేదు. ప్యాకెట్ నికర బరువును బిస్కెట్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కోటి ఎంతో వచ్చేస్తుంది. ఆవిడవి పన్నెండు అంటే నాలుగు సర్వింగులు, 100 గ్రాములు. అంటే 100 గ్రాముల కాలమ్ మీద ఏముందో అదంతా ఆవిడ రోజుకు తింటున్నారు. అందులో కార్బోహైడ్రేట్ 65 గ్రాముల పైనే ఉంది. పంచదార లేదన్న మాట అబద్ధం కాదు, మైదా ఉందన్న మాట కూడా అదే లేబుల్ మీద రాసే ఉంది.

ఇక లెక్క తలకిందులయ్యే చోటు ఒకటుంది, అదే నీళ్లు కలిపి వండుకునే పొడులు. ఇన్‌స్టంట్ ఉప్మా మిక్స్, ఇడ్లీ మిక్స్, సూప్ పొడి, ఓట్స్, ఇవన్నీ. వీటి మీద 100 గ్రాములకు అని ఉంటే, వేరే మాట రాయనంతవరకు అది పొడికే, వండినదానికి కాదు. వండాక తూచి గుణిస్తే అంకె రెండింతలో మూడింతలో తప్పు వస్తుంది.

ఉదాహరణకు 180 గ్రాముల ఉప్మా మిక్స్, 100 గ్రాములకు సోడియం 1000 మిల్లీగ్రాములు అనుకోండి. నీళ్లు పోసి వండాక గిన్నెలో 600 గ్రాముల ఉప్మా అయింది. మీ ప్లేటులో 200 గ్రాములు పెట్టుకున్నారు. ఆ 200ని నేరుగా గుణిస్తే 2000 మిల్లీగ్రాములు వస్తుంది, చూడగానే టెన్షన్. సరైన దారి వేరు. 600లో 200 అంటే మూడో వంతు. పొడిలో మూడో వంతు 60 గ్రాములు. 60కి 600 మిల్లీగ్రాములు. నీళ్ల బరువు ప్లేటులో ఉంటుంది గానీ, లేబుల్ అంకెలో ఉండదు. ఇంట్లో నలుగురు తింటే గిన్నెలో మొత్తం పొడి ఎంత, అందులో నా వాటా ఎంత అని చూసుకుంటే త్రాసు కూడా అక్కర్లేదు. పైన మీరు వేసిన ఉప్పు, నూనె, నెయ్యి మాత్రం విడిగా కలుపుకోవాలి.

పాలలో కలుపుకునే పొడుల దగ్గర దీనికి తిరగేసిన సమస్య. కొన్ని డబ్బాల మీద ఒక కాలమ్ ఉత్త పొడికి, ఇంకో కాలమ్ పాలతో కలిపి అని ఉంటుంది. పెద్ద అంకెలన్నీ రెండో దాంట్లో కనిపిస్తాయి, ఎందుకంటే అందులో ప్రోటీన్, క్యాల్షియం చాలావరకు పాలవే. పొడి ఎంత ఇస్తుందో తెలియాలంటే ఉత్త పొడి కాలమ్ చూడండి. సర్వింగ్ ఇన్ని చెంచాలు అని రాసి ఉన్నా గ్రాములే పట్టుకోండి. మన ఇళ్లలో చెంచా అంటే గోపురంలా నింపేదే, సమం చేసి వేసే అలవాటు ఎవరికుంది?

పచ్చడి గురించి మీరు అడగలేదు గానీ బీపీ ఇంట్లో ఇది రాకుండా ఉండదు. కొన్న ఆవకాయ సీసా మీద 100 గ్రాములకు సోడియం నాలుగైదు వేల మిల్లీగ్రాములు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. 100 గ్రాముల ఆవకాయ ఒక్కపూట ఎవరూ తినరు. సర్వింగ్ అని వాళ్లు రాసే 10 గ్రాములతో ఆగేవాళ్లు కూడా అరుదే. ముక్క, దాని చుట్టూ ముద్ద, కొంచెం నూనె కలిపి తూచి చూడండి, 25 గ్రాముల దాకా తేలడం మామూలే. 100 గ్రాములకు 4500 అనుకుంటే, 25 గ్రాములకు 1125 మిల్లీగ్రాములు. మిక్చర్ గిన్నెకు రెండింతలు. నాన్నగారికి ఏది తగ్గించాలో తేల్చుకునేటప్పుడు రెండిటినీ 100 గ్రాముల కాలమ్‌లో పోల్చకండి, ఆయన తినే గ్రాములకు మార్చి పోల్చండి. ఒకే రకం సరుకులో రెండు బ్రాండ్లలో ఏది కొనాలి అన్నప్పుడైతే 100 గ్రాముల కాలమ్ నేరుగా చూస్తే చాలు.

ద్రవాల దగ్గర చిన్న జాగ్రత్త. కూల్ డ్రింకులు, జ్యూసులు 100 మిల్లీలీటర్లకు రాస్తారు, కాబట్టి గ్లాసు మిల్లీలీటర్లతో గుణించండి. సీసా 600 మిల్లీలీటర్లది, పంచదార 100కు 10 గ్రాములు అంటే సీసా మొత్తం తాగితే 60 గ్రాములు. సర్వింగ్ 200 మిల్లీలీటర్లు అని ఉంటే శాతం కాలమ్‌లో కనిపించేది 20 గ్రాములకు వేసిన శాతమే. నూనెకు మాత్రం 100 గ్రాములకు రాసి ఉందో, మిల్లీలీటర్లకు రాసి ఉందో చూడాలి. లీటరు వంట నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్న అడుగుతుంటారు, కాబట్టి ఒక మాట. అక్కడి లేబుల్‌లో 100 గ్రాముల కాలమ్ ఉండదు. అంకె, శాతం రెండూ సర్వింగ్‌కే. అందుకని అక్కడ ముందు మీ గ్రాములను సర్వింగ్ గ్రాములతో భాగించి, వచ్చినదానితో వరుసంతా గుణించాలి. సోడియం శాతం కూడా అక్కడ 2300 మిల్లీగ్రాముల మీద కడతారు, మన దగ్గర 2000 మీద. ఒకే అంకెకు అక్కడ శాతం కొంచెం తక్కువ కనిపిస్తుంది. ఇంకొకటి, సర్వింగ్‌లో ట్రాన్స్ కొవ్వు అర గ్రాము లోపు ఉంటే అక్కడ సున్నా అని రాయొచ్చు. మీరు మూడు సర్వింగులు తింటే సున్నాను మూడుతో గుణించినా సున్నాయే వస్తుంది, తిన్నది మాత్రం సున్నా కాకపోవచ్చు. అందుకే ఒకప్పుడు పదార్థాల జాబితాలో పాక్షికంగా హైడ్రోజనేటెడ్ చేసిన నూనె ఉందేమో చూసేవాళ్లం, ఇప్పుడు అక్కడ ఆ నూనెను ఆహారంలో వాడనివ్వడం లేదు.

ఈ లెక్కల్లో దశాంశాల వెనక పడకండి. లేబుల్ అంకెలు సగటు అంకెలు. మిక్చర్ ప్యాకెట్‌లో పల్లీలు పైన, పొడి అడుగున చేరతాయి. ఉప్పు, కారం ఎక్కువ అంటుకుని ఉండేది ఆ అడుగు పొడికే. మీ లెక్కలో 523 వచ్చినా 540 వచ్చినా చేసే పని మారదు. 234 అనుకున్నది 523 అని తేలితే మారుతుంది.

మీ ఇంట్లో అయితే నేను చెప్పేది ఇది. మిక్చర్ మానేయమంటే నాన్నగారు వినరు, మీరే రాశారు. ప్యాకెట్ తెచ్చిన రోజే తూచి, 30 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో పోసేయండి. 200 గ్రాములకు ఆరు డబ్బాలు నిండి ఇంకొంచెం మిగులుతుంది. అప్పుడు లేబుల్ మీది 12 శాతం ఆయనకు నిజంగానే 12 శాతం అవుతుంది, ఆయన వాదన కూడా నిలబడుతుంది. ప్యాకెట్ మూడు రోజులకు బదులు ఆరు రోజులు రావాలి. నాలుగో రోజుకే అయిపోయిందంటే డబ్బాలు కాక ప్యాకెట్‌లోంచి కూడా వెళ్తోందన్నమాట. వీలైతే కార్బోహైడ్రేట్, శాచురేటెడ్ కొవ్వు వరుసలు కూడా ఇక్కడ రాయండి, మీ ప్యాకెట్ అంకెలతో మళ్లీ కట్టి చెబుతాను.